సీన్ 14: సూరమ్మ కల (కెమెరా, ఆర్ట్, ఎడిటింగ్ టీమ్‌లకు)

లోపల. పునరావాస కాలనీలో సూరమ్మ ఇల్లు. మధ్యాహ్నం.

ముందుగా ఒక్క మాట. సూరమ్మ ఊరు దేవీపట్నం దగ్గర పోలవరం ముంపులో పోయింది. ఆమె కలలోకి వచ్చేది గోదావరే, కానీ కలలో నీళ్ళు ఎక్కడా చూపించం. నీళ్ళు చేసే పని మాత్రమే చూపిస్తాం. గది ఒక్కసారిగా మారిపోదు. ముందు నేల, తర్వాత గోడ, చివరికి సామాన్లు. వరద ఇంట్లోకి కింద నుంచే వస్తుంది కదా, కల కూడా అలాగే రావాలి.

అల

సూరమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కునికిపాట్లు పడుతోంది. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసులో నీళ్ళు. కరెంటు పోతుంది. ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగుతుంది. నిశ్శబ్దం.

గ్లాసు క్లోజప్. నీళ్ళలో ఒక వలయం. బయట లారీ వెళ్ళిన చప్పుడు, అందుకే కదిలిందనుకుంటాం. కాస్త ఆగి ఇంకో వలయం. ఈసారి ఏ చప్పుడూ లేదు. చూసేవాళ్ళకి అనుమానం రావాల్సింది ఇక్కడే, కాబట్టి ఈ షాట్‌ని ఎడిట్‌లో కుదించొద్దు. మూడో వలయం గ్లాసు అంచు దాటుతుంది.

వైడ్. అల స్టూలు దిగి టైల్స్ మీదికి వస్తుంది. టైల్స్ మధ్య గీతలు వంగి, మళ్ళీ సర్దుకుంటాయి. అల తగలగానే సూరమ్మ కాలి బొటనవేలు వెనక్కి తీసుకుంటుంది. డిజాల్వ్ సరిగ్గా ఆ ఫ్రేమ్‌లో మొదలవ్వాలి, 36 ఫ్రేములు. ఫ్రేమ్ మొత్తం మసకబారకూడదు. అల అంచే హద్దు. దానికి ముందు టైల్స్, అది దాటిన చోట పేడతో అలికిన నేల. దీనికోసం రెండు సెట్లలోనూ 35 ఎంఎం లెన్స్, రెండడుగుల ఎత్తు, కెమెరా లాక్. ఇంజిన్ శబ్దం 12 ఫ్రేముల ముందే వినపడాలి. ఎక్కడో దూరంగా లాంచీ.

కరగడం

నేల పాత ఇంటిది, గోడలు ఇంకా కాలనీవే. సూరమ్మ లేచి ఆకాశం రంగు గోడకి అరచెయ్యి ఆనిస్తుంది. వేళ్ళ కింద రంగు మెత్తబడి కారుతుంది. మొదట ఒక చార, తర్వాత నాలుగు, ఆ తర్వాత గోడంతా. 8 సెకన్లు పట్టాలి. తొందరపడితే పెయింట్ డబ్బా ఒలికినట్టు ఉంటుంది తప్ప గోడ కరిగినట్టు ఉండదు.

వెనక ఎర్రమట్టి గోడ బయటపడుతుంది. దాని మీద, సూరమ్మ తలకన్నా ఎత్తున, 1986 ఆగస్టు వరద వదిలిన బురద గీత. ఆ ఏడాది భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. ఆ గీత పై నుంచి దిగే రంగు దాని దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ జారుతుంది. ఈ ఆగడం నాకు చాలా ముఖ్యం.

స్విచ్ బోర్డు మాత్రం కరగదు. మట్టిగోడ మీద తెల్లగా అలాగే ఉంటుంది.

ఇది గ్రాఫిక్స్‌లో వద్దు. మట్టిగోడ మీద పల్చటి ప్లాస్టిక్ షీటు కనపడకుండా బిగించి, జిగురు కలపని రంగు సున్నం పూసి, పై నుంచి పురుగుమందు కొట్టే స్ప్రేయర్‌తో నీళ్ళు వదులుదాం. క్షణం ఆగడం ఒక్కటే ఎడిట్‌లో చేద్దాం.

తేలడం

చాట ముందు లేస్తుంది. తర్వాత పీట, తర్వాత స్టూలు. బరువు పెరిగేకొద్దీ ఆలస్యం. ఏదీ గాల్లోకి దూసుకుపోదు. మోకాలెత్తు దాకా వచ్చి, చిన్నగా ఊగుతూ ఉంటుంది. అన్నీ ఒకే వైపుకి, గుమ్మం వైపుకి జరగాలి. తలో దిక్కూ పోతే అంతరిక్షంలో తేలినట్టు ఉంటుంది, ప్రవాహం కనపడదు. సూరమ్మ కొంగు కూడా అటే లాగుతుంది. నైలాన్ తీగలతో కట్టి సెకనుకి 48 ఫ్రేముల్లో తీద్దాం.

రోలు లేవదు. సూరమ్మ దాని పక్కన చతికిలబడి రెండు చేతులతో పట్టుకుంటుంది.

గొంతు (బయట నుంచి): సామాన్లు ఎక్కించండే! లాంచీ ఆగదు!

సూరమ్మ: రోలు మిగిలిపోయిందిరా... ఒక్కడు రండిరా!

స్విచ్ బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది.

మెలకువ

ఇక్కడ అల లేదు, డిజాల్వూ లేదు. నేరుగా కట్. ఫ్యాన్ చప్పుడు, టైల్స్, ఆకాశం రంగు గోడ. కలలోకి వెళ్ళడానికి అంత సమయం ఇచ్చాం కాబట్టి బయటికి లాగేసినట్టే రావాలి. సూరమ్మ చేతులు ఒళ్ళో ఇంకా రోలు పట్టుకున్నట్టే గుండ్రంగా ఉన్నాయి.

కోడలు (వంటింట్లోంచి): కరెంటొచ్చింది అత్తా, మోటారు వెయ్యనా?

సూరమ్మ: ఆగమ్మా. కాసేపు నీళ్ళొద్దు.

కట్.

షూటింగ్ వరుస: కరిగే గోడ షాట్ పొద్దున్నే మొదటగా తీద్దాం. ఒకసారి తడిశాక ఆ గోడ మళ్ళీ పనికిరాదు, అందుకే ఆర్ట్ టీమ్ రెండో గోడని కూడా ముందు రోజే పూసి ఆరబెట్టి ఉంచాలి. తీగల షాట్లు మధ్యాహ్నం. గ్లాసు క్లోజప్ చివర్లో, ఫ్యాన్లు, జనరేటరు అన్నీ ఆపేశాక.