కిటికీ గట్టు మీద గున్న

దుప్పటి కప్పుకున్నావా కన్నా? ఇదిగో, నిన్న రాత్రి తీసిన ఫొటో చూడు. కిటికీ గట్టు మీద నీ గుడ్డ ఏనుగు గున్న. వెనక అద్దం నిండా వాన చుక్కలు. ఫొటో తీశాక ఇంట్లో అందరూ పడుకున్నారు, గున్న తప్ప.

అద్దం పైమూలన ఆవగింజంత చుక్క ఒకటుంది. మిగతావన్నీ జరజరా జారిపోతున్నాయి, అది మాత్రం కదలదు.

"నువ్వెందుకు దిగట్లేదూ?" అంది గున్న.

"నేను మరీ తేలిక. అద్దం నన్ను పట్టేసుకుంది. ఇంకో చుక్క నాలో కలిస్తే బరువెక్కి జారతాను."

"ఐతే అదొచ్చేదాకా నేనూ మేలుకుంటా."

తళుక్కున మెరిసింది. గడియారం టిక్కుకో అంకె చొప్పున గున్న లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... ఢమాల్! ఉరుము చప్పుడు మూడు అంకెలకి ఒక కిలోమీటరు వస్తుంది. అమ్మో, దగ్గరే! గున్న తొండం ముడుచుకుంది.

అంతలో ఎడమ కాలు చల్లబడింది. కిటికీ తలుపు జరిగే గాడి లేదూ, దాని బయటి అంచున రెండు చిన్న కంతలుంటాయి. గాడిలో పడ్డ వాన నీళ్ళు వాటిలోంచే బయటికి పోవాలి. దుమ్మూ, చచ్చిన చీమలూ పేరుకుని రెండూ మూసుకుపోయాయి. గాడి నిండి నీళ్ళు గట్టు మీదికి పొర్లాయి. గున్న కాలి నిండా దూదే కదా, గుటగుటా తాగేసింది. పాదం, మోకాలు, పొట్ట దాకా తడే!

మంచినీళ్ళకి లేచిన తాతయ్య చూశాడు. చీపురుపుల్లతో కంతలు రెండూ పొడిచాడు. నీళ్ళు గుడగుడమంటూ బయటికి పోయాయి. గున్నని పొడి తువ్వాలులో చుట్టి అరచేతులతో గట్టిగా నొక్కాడు. పిండలేదు. పిండితే దూది ఉండకట్టి కాలు వంకరపోతుంది. మూడు తువ్వాళ్ళు మార్చాడు. చెవులకి క్లిప్పులు పెట్టి వేలాడదీస్తే సాగిపోతాయని, ఫ్యాను కింద బోర్లించిన జల్లెడ మీద పడుకోబెట్టాడు. అడుగునుంచీ గాలి తగలాలి మరి.

పైగుడ్డ పొద్దుటికే ఆరింది. కానీ కాలు చెంపకి ఆనించి చూశావుగా, చల్లగా ఉంది. అంటే లోపల దూది ఇంకా తడే. ఇప్పుడే పక్కలో పెట్టుకుంటే ముక్కిన వాసనొస్తుంది. అందుకే ఇవాళ కూడా జల్లెడ మీదే పడక.

ఇంతకీ ఆ చుక్క ఏమైందంటావా? జల్లెడ మీంచి గున్న చూస్తూనే ఉంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఆరు అంకెలొచ్చాయి. తర్వాత తొమ్మిది. వాన దూరం జరుగుతోంది. అప్పుడు పైనుంచి ఒక బుల్లి చుక్క వంకర టింకరగా వచ్చి తగిలింది. రెండూ ఒకటై, సర్రున జారి, గాడిలో పడి, తాతయ్య తెరిచిన కంతలోంచి బయటికి... టప్!

మళ్ళీ ఎక్కడో మెరిసింది. గున్న కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. నువ్వూ లెక్కపెట్టు, మెల్లిగా. ఒకటి... రెండు... మూడు... నాలుగు...