కిలో మూడు వందల యాభై

వెంకటరమణయ్య కావలిలో ఒక హోల్‌సేలు కిరాణా కొట్టులో పద్దులు రాసేవాడు. 2021 అక్టోబరులో ఒక రాత్రి గుండెనొప్పి వచ్చి తెల్లవారేలోగా పోయాడు. భార్య పెంచలమ్మకు మిగిలినవి రెండు గదుల పెంకుటిల్లు, అప్పుడే డిగ్రీలో చేరిన కూతురు హారిక, కొట్టు యజమాని తెచ్చి ఇచ్చిన ముప్పై వేలు. ఆ ముప్పై వేలు కర్మకాండలకే సరిపోలేదు. చెవి కమ్మలు తాకట్టుకు వెళ్ళాయి. వితంతు పింఛను మంజూరు కావడానికి కొన్ని నెలలు పట్టింది. వచ్చాక నెలకు 2,500 రూపాయలు. రేషను బియ్యంతో పొయ్యి ఆరిపోకుండా నడిచేది. గ్యాసు బండకూ కరెంటు బిల్లుకూ హారిక ఫీజుకూ మాత్రం ప్రతిసారీ ఎవరో ఒకరి ముఖం చూడవలసి వచ్చేది.

మరిది మాలకొండయ్య మంచివాడు. వచ్చినప్పుడల్లా ఒక అయిదు వందలు దేవుడి గూట్లో పెట్టి, చెప్పకుండానే వెళ్ళేవాడు. ఆయన అంత మర్యాదగా ఇచ్చినా ఆ నోటు తీసుకునేటప్పుడు పెంచలమ్మకు చెయ్యి బరువెక్కేది. అది పుచ్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆమె చేతి ఊరగాయ గురించి ఆ వీధిలో కొత్తగా చెప్పనక్కర లేదు. ఏటా వేసవిలో రెండు పెద్ద జాడీలు పెట్టేది. ఒకటి ఇంటికి, ఒకటి పంపకాలకు. ఎవరి ఇంటికి చుట్టాలొచ్చినా, ఎవరి పిల్ల పురిటికి వచ్చినా ఒక గిన్నె అటు వెళ్ళేది. అది డబ్బుకు ఇచ్చే వస్తువని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

మొదట తోచింది ఎదురింటి రాజ్యలక్ష్మి టీచరుకు. హైస్కూలులో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. 2022 మే నెలలో హైదరాబాదులో ఉన్న కొడుకు కోసం మూడు కిలోల ఆవకాయ పెట్టించుకుని, గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు అందులో రెండు అయిదు వందల నోట్లు పెట్టింది.

“ఇదేమిటి టీచరుగారూ! నేను అడిగానా?”

“నువ్వు అడగవని తెలిసే ఇచ్చాను. నూనె ఊరికే వచ్చిందా, కాయలు ఊరికే వచ్చాయా? తీసుకో. మా వాడి స్నేహితులు ఇంకో అయిదు కిలోలు అడుగుతున్నారు.”

పెంచలమ్మ ఆ పూట సరిగా అన్నం తినలేదు. పెట్టిన చేత్తో డబ్బు పుచ్చుకోవడం తప్పు అని ఆమె అత్తగారు నేర్పింది. కానీ మర్నాడు పొద్దున్నే సంచీ పట్టుకుని కాయల కోసం మార్కెట్టుకు బయలుదేరింది.

ఆవకాయ కొలతలు చాలామందికి తెలుసు. ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పావు, పైన ఒక గుప్పెడు మెంతులు. తెలిసినవాళ్ళందరి ఆవకాయా ఏడాది నిలవదు. తేడా అంతా కొలతలకు ముందూ వెనకా ఉంటుంది. పెంచలమ్మ కాయను నొక్కి చూసేది కాదు, ఒక కాయ కోయించి చూసేది. టెంక ముదిరి ఉండాలి, పులుపు నాలుకను పట్టాలి, పీచు ఉండాలి. టెంక లేతగా ఉంటే ముక్క మూడు నెలల్లో మెత్తబడిపోతుంది. కాయలను నీళ్ళలో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టేది. పక్క వీధి మస్తానమ్మ వచ్చి పెద్ద కత్తిపీట మీద కొట్టి ఇచ్చేది. ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉండేటట్టు కొట్టడం అందరి చేతా కాదు. ఆ తర్వాత జీడి తీసి, లోపలి పొర గీకి, ఒక్కొక్క ముక్కనూ మళ్ళీ గుడ్డతో తుడవాలి. ఉప్పు ఇసకపల్లి మడుల నుంచి వచ్చే కళ్ళుప్పు. దాన్ని ఎండలో గలగలలాడే దాకా పోసి, దంచి, జల్లించేది. ఉప్పులో తడి ఉంటే జాడీలో తడి ఉన్నట్టే. నూనె నువ్వులదే. వేరుశెనగ నూనె అయితే చవక అని కొట్టువాడు చెప్పినా ఆమె వినలేదు. మూడో రోజు వాసెన విప్పి, తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్క మీద వేలెడు నూనె తేలే దాకా పోసేది. పచ్చడికి గాలి తగలకుండా కాపాడేది ఆ పైన తేలే నూనే.

కావలిలో మే నెల ఎండకు వీధులు మధ్యాహ్నం నిర్మానుష్యంగా ఉంటాయి. పెంచలమ్మ సీసాలు ఇవ్వడానికి ఆ వేళకే బయలుదేరేది. పొద్దున పూట ఎవరైనా పని మీద బయటికి వస్తూ తనను ఎదురుగా చూసి వెనక్కి వెళ్ళి కూర్చుంటారేమోనని ఆమె భయం. ఒకసారి అలా జరిగింది కూడా. ఆ ఇంటామె ఏమీ అనలేదు, తలుపు మాత్రం దగ్గరగా వేసింది. ఇలాంటివి ఇప్పుడు లేవని అనేవాళ్ళు ఆ నడినెత్తిన ఎండలో పదిళ్ళు తిరిగి చూస్తే బాగుంటుంది. రెండు గంటల ఎండలో తలమీద కొంగు కప్పుకుని, రెండు చేతుల్లో రెండు సంచులతో ఆమె నడిచేది.

ఆ వేసవిలో ఊళ్ళోవాళ్ళకు అమ్మింది కిలో రెండు వందల ఇరవైకి. అంతకంటే ఎక్కువ చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. భర్త వాడిన పద్దు పుస్తకంలో మిగిలిన కాగితాల్లో ఖర్చు రాసింది. కాయలు, కారం, ఆవాలు, మెంతులు, నూనె, సీసాలు, మస్తానమ్మ కూలి. జూన్ చివర టీచరు ఆ పుస్తకం తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుంది.

“కిలోకు రెండు వందలు ఖర్చు, ఇరవై లాభం. అంతేనా?”

“అంతేనండీ.”

“నీ కూలి ఎక్కడ రాశావు?”

“నా ఇంట్లో నేను చేసుకునే పనికి కూలి ఏమిటండీ?”

“మస్తానమ్మ ఒక్క పూట కాయలు కొట్టినందుకు మూడు వందలు రాశావు. న్యాయంగానే రాశావు. నువ్వు ఎండబెట్టావు, తుడిచావు, దంచావు, కలిపావు, మోసుకెళ్ళి ఇచ్చావు. అదంతా ఎవరి పని?”

పెంచలమ్మ మాట్లాడలేదు. ఇంత కాలం ఆమె చేసిన పని ఏ పద్దులోనూ లేదు. ఇంటి పద్దులూ కొట్టు పద్దులూ రాసిన భర్త కూడా ఎక్కడా రాయలేదు. టీచరు ఆ పుట కింద గీత గీసి, ‘పెంచలమ్మ కూలి’ అని రాసి, ధర మూడు వందల యాభై వేసింది.

ధర పెంచగానే కొనేవాళ్ళలో సగం మంది మానేశారు. “అప్పుడే వ్యాపారం తలకెక్కింది” అని ఒకామె అన్నట్టు మస్తానమ్మ చెప్పింది. పెంచలమ్మ ఆ రాత్రి ధర తగ్గిద్దామనుకుంది. హారిక ఒప్పుకోలేదు. “రెండు నెలలు చూద్దాం అమ్మా. అప్పటికీ రాకపోతే తగ్గిద్దాం.” కొందరు వచ్చారు, కొందరు రాలేదు. హైదరాబాదు నుంచి మాత్రం అడిగేవాళ్ళు పెరిగారు.

అసలు దెబ్బ డిసెంబరులో తగిలింది. గూడూరు నిమ్మకాయలు తెప్పించి పెద్ద ఎత్తున ఊరవేసింది. అంతలో మాండూస్ తుపాను వచ్చి నెల్లూరు జిల్లా అంతా వాన పట్టుకుంది. కడిగిన సీసాలు ఆరడానికి ఎండ లేదు. గుడ్డతో తుడిచి, ఆరాయిలే అనుకుని నింపింది. మూడు వారాల తర్వాత ఒక సీసాలో తెల్లటి బూజు కనిపించిందని ఫోను వచ్చింది, మర్నాడు ఇంకొకటి. పెంచలమ్మ ఆ విడతలో కొన్నవాళ్ళందరికీ ఫోను చేయించింది, బాగున్నాయన్నవాళ్ళకు కూడా. డబ్బు తిరిగి ఇచ్చేసింది. దాదాపు ఆరు వేలు పోయింది. అంత డబ్బు ఒక్కసారి పోవడం భర్త పోయిన తర్వాత అదే మొదటిసారి. ఆ తర్వాత నుంచి సీసాలను ఇనుప మూకుడులో ఇసుక వేడి చేసి, దాని మీద బోర్లించి ఆరబెట్టడం మొదలుపెట్టింది. ప్రతి సీసా మీదా పెట్టిన తేదీ రాయించింది.

ఆ డబ్బు తిరిగి ఇచ్చినందుకే కాబోలు, సంక్రాంతి నాటికి కొత్తవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. హారిక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి ఆహార భద్రత నమోదు చేయించింది. అప్పట్లో ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్నవాళ్ళకు రుసుము వంద రూపాయలే. పద్నాలుగు అంకెల ఆ నంబరు చీటీ మీద అచ్చయి వచ్చిన రోజున పెంచలమ్మ దాన్ని రెండుసార్లు చేత్తో తడిమి చూసింది.

కార్తీకంలో ఉసిరి, చలికాలంలో చింతకాయ, శివరాత్రి దాటాక పండుమిర్చి, వేసవిలో ఆవకాయ, మాగాయ. గోంగూర ఎప్పుడూ ఉంటుంది. ఏడాది చక్రం అలా కుదిరింది. 2024 వచ్చేసరికి నెలకు సుమారు యాభై కిలోలు వెళ్ళేవి. మస్తానమ్మకు ఇవ్వవలసింది ఇచ్చి, ఖర్చులన్నీ పోను ఏడు వేల అయిదు వందల దాకా మిగిలేది. గొప్ప మొత్తమేమీ కాదు. హారిక ఆఖరి సంవత్సరం ఫీజు అందులోంచే కట్టింది. కమ్మలు విడిపించింది. ఒకసారి మాలకొండయ్య వచ్చి దేవుడి గూట్లో నోటు పెట్టబోతే, “వద్దు మరిదిగారూ, ఈ నెల నుంచి నాకు సరిపోతోంది” అంది. ఆయన కాసేపు నిలబడి, నోటు జేబులో పెట్టుకుని, కాఫీ అడిగి తాగి వెళ్ళాడు.

హైదరాబాదు పార్సిళ్ళు ఆర్టీసీ కార్గోలో వేయాలి. బస్టాండుకు పొద్దున్నే వెళ్ళాలి. ఆరున్నరకు, వాకిళ్ళలో ముగ్గులు పడుతూ ఉండగా పెంచలమ్మ పెట్టె చంకన పెట్టుకుని వీధి మధ్య నుంచే నడిచి వెళ్తోంది. ఎవరు ఎదురొస్తారో చూసుకునే తీరిక ఇప్పుడు ఆమెకు లేదు. పార్సిలు సమయానికి అందకపోతే ఆ బస్సు వెళ్ళిపోతుంది.

మొన్న మే నెలలో మాలకొండయ్య భార్య సుజాత వచ్చింది. “అక్కా, మా అన్నయ్య వాళ్ళు నెల్లూరులో గృహప్రవేశం పెట్టుకున్నారు. నాలుగు కిలోలు ఆవకాయ ఇవ్వు, తీసుకెళ్తాను.”

పెంచలమ్మ ముందు ఒక చిన్న జాడీ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“ఇది మనింటికి. ఎప్పుడూ ఉండేదే. మీ అన్నయ్య వాళ్ళకు నాలుగు కిలోలంటే పధ్నాలుగు వందలు అవుతుంది సుజాతా.”

సుజాత ఒక్క క్షణం ఆగింది. “ఇంటివాళ్ళమే కదా అక్కా.”

“అందుకేగా జాడీ పెట్టాను. మిగతాది కిలో మూడు వందల యాభై.”

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గలేదు, పెరగలేదు. సుజాత పర్సు తీసి మూడు అయిదు వందల నోట్లు ఇచ్చింది. పెంచలమ్మ నాలుగు సీసాలు తుడిచి సంచీలో సర్ది, వంద రూపాయల చిల్లర కోసం లోపలికి వెళ్ళింది.