విషయం: వేరే సైజు బూట్లు వచ్చినందున సొమ్ము వాపసు కోరుతూ

అమ్మకందారు గారికి,

నమస్కారం. జూన్ 3న నేను 40718265 నంబరు ఆర్డరు కింద 9వ సైజు నల్ల ఫార్మల్ బూట్లకు రూ. 1,849 యూపీఐ ద్వారా చెల్లించాను. జూన్ 8న తిరుపతిలోని మా ఇంటికి వచ్చిన పెట్టె మీద 9 అనే స్టిక్కరే ఉంది గానీ, బూట్ల నాలుక లోపలి లేబుల్ మీద, అడుగున రబ్బరు మీద కూడా 7 అని స్పష్టంగా ఉంది. మడమ సగం కూడా లోపలికి దిగలేదు.

మరునాడు రిటర్న్ తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి పెట్టె మీది స్టిక్కరు మాత్రమే చూసి, సైజు సరిపోయిందని నమోదు చేసుకుని వెళ్లిపోయాడు. పొరపాటు ప్యాకింగ్‌లో జరిగిందే తప్ప నా ఎంపికలో కాదు. చెప్పుల్లేకుండా కొండెక్కే ఊరు మాది, అయినా ఆఫీసుకు బూట్లు తప్పవు కదా. 9వ సైజు మీ దగ్గర అయిపోయిందని చూపిస్తున్నందున ఇక్కడి దుకాణంలోనే వేరే జత కొనుక్కున్నాను. కాబట్టి మార్పిడి వద్దు, కూపన్ కూడా వద్దు.

వాడని బూట్లను మళ్లీ తీసుకెళ్లే ఏర్పాటు చేసి, పూర్తి సొమ్మును రవాణా ఖర్చు మినహాయించకుండా నా ఖాతాకు ఏడు రోజుల్లో జమ చేయగలరు. ఒప్పుకున్న లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. స్పందన రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

బిల్లు, రెండు లేబుళ్ల ఫొటోలు జతపరిచాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
తిరుపతి