చరణ్‌ను మూడులోనే ఉంచాలా, నాలుగుకు పంపాలా? అమ్మానాన్నలకు టీచర్ ఉత్తరం

21-4-2025

మల్లేశం గారికి, సుజాత గారికి నమస్కారం.

మొన్న శనివారం పేరెంట్స్ మీటింగులో మీరు అడిగినదానికి నేను అక్కడ సరిగ్గా జవాబు చెప్పలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు. చరణ్ తలుపు పక్కనే నిలబడి వింటున్నాడు. "మేడం, వాన్ని మళ్ల మూడులనే ఉంచుండ్రి. ఒక్క ఏడు పోతే పోయె, పునాది గట్టిగైతది" అని మీరు అనగానే వాడు తల దించుకుని చొక్కా గుండీ తిప్పుకుంటూ ఉండిపోయాడు. అది చూసి నేను మాట మార్చాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. సుజాత గారూ, ఇది పెద్దపాప చేత చదివించుకోండి. చరణ్ పడుకున్నాక అయితే మంచిది.

ముందే నా మాట చెప్తాను. చరణ్‌ను నాలుగుకే పంపుదాం. అయితే పంపేసి చేతులు దులుపుకుంటే మాత్రం మీరు భయపడిందే జరుగుతుంది. వాడికి ఏడాదంతా రోజూ ఒక గంట విడిగా చదువు చెప్పాలి. ఆ గంట నా పూచీ. ఇంట్లో ఒక పావుగంట మీది.

వాడు ఎక్కడ ఆగిపోయాడో మీకు తెలియాలి. పోయిన గురువారం ఒంటిపూట బడి అయిపోయి, అన్నం తిన్నాక వాణ్ణి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అక్షరాలన్నీ గుర్తుపట్టాడు. "కాకి", "మామిడి" గబగబా చదివాడు. "పుస్తకం" దగ్గర ఆగాడు. "పు... స... కం" అన్నాడు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఇంతే, దాన్ని దాటేసి పోతాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతున్నాడు. అందుకే ప్రశ్న అడిగితే నోరు తెరవడు. తెలివి లేక కాదు, చదవడానికే ఓపికంతా అయిపోతోంది.

లెక్కల్లో 52లో నుంచి 27 తీసేయమంటే 35 అని రాశాడు. 2లో నుంచి 7 పోదు కదా, అందుకని తిరగేసి 7లో నుంచి 2 తీశాడు. పెన్సిల్ పక్కన పెట్టించి చీపురు పుల్లలు ఇచ్చాను. పదేసి పుల్లలు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు అయిదు, విడిగా రెండు. కాసేపు చూశాడు. తర్వాత తనంతట తనే ఒక కట్ట రబ్బరు తీసి పుల్లలు నేల మీద పరిచాడు. "ఇరవై అయిదు" అన్నాడు. ఆ కట్ట విప్పమని నేను చెప్పలేదు, మల్లేశం గారూ.

మీ హోటల్లో కూడా వాణ్ణి చూశాను. నాలుగు ప్లేట్ల బజ్జీలు, ప్లేటు పదిహేను, వంద నోటు ఇస్తే నలభై తిరిగి ఇవ్వడానికి వాడికి వేళ్ళు కూడా అక్కర్లేదు. నోటిలెక్క వచ్చిన పిల్లవాడికి కాగితం మీది లెక్క నేర్పడం నాకు కష్టం కాదు.

వాడికి రానివన్నీ ఒకటి, రెండు తరగతుల్లో రావాల్సినవి. ఒత్తులు, పదులు ఒకట్లు. మూడో తరగతి పుస్తకంలో అవి వచ్చేసినట్టే పాఠాలు మొదలవుతాయి. అంటే వాణ్ణి మళ్ళీ మూడులో కూర్చోబెడితే ఈ ఏడు అర్థం కాని పాఠాలే వచ్చే ఏడు మళ్ళీ వింటాడు. పునాది గట్టిపడాలని మీరు అడిగారు. ఆ పునాది మూడో తరగతి గదిలో లేదు. రోజూ ఒక గంట రెండో తరగతి మెట్టు దగ్గర నిలబెట్టి ఎవరైనా చేయి పట్టుకుని నడిపిస్తే అది వస్తుంది. వాడు మూడులో ఉన్నా, నాలుగులో ఉన్నా ఆ గంట కావాల్సిందే. అలాంటప్పుడు తోటివాళ్ళ నుంచి విడదీయడం దేనికి?

పాత బడిలో రెండేళ్ళు ఇంగ్లీషు పద్యాలు, స్పెల్లింగులు అప్పజెప్పించారు. నోట్సు నిండా టిక్కులే ఉన్నాయి. ఇంటికి ఆ నోట్సు వస్తుంటే అంతా బాగుందనే అనుకుంటారు ఎవరైనా, మీ తప్పు లేదు. మన బడిలోనూ ఇంగ్లీషు మీడియమే, కాని పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉంటుంది. ముందు తెలుగు పేజీ చదవడం వస్తే ఇంగ్లీషు పేజీ అర్థమవడానికి దారి దొరుకుతుంది. దయచేసి ఈ వరుస మార్చకండి.

చట్టం గురించి కూడా రాస్తున్నాను, తర్వాత ఎవరో ఏదో చెప్పారని మీరు అయోమయపడకూడదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ ఆపకూడదని ఉంది. 2019లో దాన్ని సవరించి, కావాలంటే రాష్ట్రాలు అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపవచ్చని వెసులుబాటు ఇచ్చారు. మూడో తరగతి ఆ లెక్కలోకి రాదు. కాబట్టి "రూల్ ఒప్పుకోదు" అని ఒక్క మాటతో మిమ్మల్ని పంపించేయవచ్చు. కాని ఇక్కడ కుదరకపోతే ప్రైవేటులో మళ్ళీ మూడులో వేస్తామని మీరు అన్నారు. అందుకే రూల్ పక్కన పెట్టి, వాడికి ఏది మంచిదో రాస్తున్నాను.

ఈ చట్టం రాకముందు, నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, ఒక పాపను నేనే మూడులో ఆపాను. చదవడం రాలేదు, ఇంకో ఏడు ఉంటే వస్తుందనుకున్నాను. మరుసటి ఏడు ఆ పాప తమ్ముడు అదే తరగతికి వచ్చి పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఇంట్లోనూ బడిలోనూ అందరూ వాడితో పోల్చేవారు. మొదటి రెండు నెలలు, తెలిసిన పాఠాలే కాబట్టి చేయెత్తి జవాబులు చెప్పింది. నేను సంతోషపడ్డాను. దసరా దాటాక మళ్ళీ మౌనం. అయిదు కూడా పూర్తి కాకుండానే బడి మానేసింది. ఆ ఏడంతా నేను ఆ పాపకు చెప్పింది పాత పాఠమే, పాత పద్ధతిలోనే. ఆ తప్పు నాది. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇది ఆ ఒక్క పాప కథే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. తరగతిలో ఆపిన పిల్లల మీద చాలా దేశాల్లో ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగాయి. ఆపిన ఏడాది కాస్త మెరుగ్గా కనిపించినా ఆ లాభం తర్వాత కరిగిపోతుందనీ, పెద్ద తరగతులకు వచ్చాక చదువు మానేసేవాళ్ళు వాళ్ళలోనే ఎక్కువనీ చాలావాటిలో తేలింది. వయసును బట్టి కాకుండా పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి, రోజూ కొంతసేపు గుంపులుగా చెప్పే పద్ధతి మాత్రం మన దేశంలోనే బాగా పనిచేసింది. ప్రథమ్ సంస్థ చేసిన ఆ పనిని పరీక్షించినవాళ్ళలో 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. మన బడుల్లో 2022 నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమం కూడా చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు ముందు రావాలన్న ఆలోచనతో వచ్చిందే.

మల్లేశం గారూ, మీటింగ్ అయ్యాక బయట మీరు చెప్పిన మాట ఒకటి గుర్తు చేస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఏడో తరగతిలో ఫెయిలై, కిందివాళ్ళతో కూర్చోవడానికి నామోషీ అనిపించి రెండు నెలలకే హోటల్ పనికి వెళ్ళిపోయానన్నారు. చరణ్‌కు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ నామోషీ వాడికీ తెలుస్తుంది.

ఎవర్నీ ఎప్పుడూ ఆపకూడదా అంటే, జబ్బు చేసో, వలస పోయో ఏడాదిలో సగానికి పైగా బడి మొహం చూడని పిల్లలుంటారు. వాళ్ళ విషయం వేరు. ఆ తరగతి వాళ్ళకు అసలు అందనే లేదు. చరణ్ ఈ ఏడు మానింది పట్టుమని పది రోజులు లేదు. వాడు వచ్చాడు, కూర్చున్నాడు, అర్థం కాలేదు.

జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచి ఉదయం మొదటి గంట చరణ్‌కూ ఇంకో నలుగురికీ నేనే చదవడం, లెక్కలు చెప్తాను. నాలుగో తరగతి సార్‌తో మాట్లాడాను, ఒప్పుకున్నారు. మిగతా రోజంతా వాడు తన జట్టుతోనే ఉంటాడు. సైన్సు పాఠం చదవలేకపోయినా వింటాడు, నోటితో చెప్తాడు. దసరా సెలవులకల్లా ఒత్తులున్న చిన్న వాక్యాలు చదవాలి. సంక్రాంతికి రెండో తరగతి కథ ఆగకుండా చదివి, అందులో ఏం జరిగిందో చెప్పాలి. ప్రతి నెలా మూడో శనివారం మీటింగులో మీ ముందే చదివిస్తాను. మార్కులు చూసి నమ్మకండి, చెవులతో వినండి.

దసరాకు కూడా ఒత్తుల దగ్గరే ఆగిపోతే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి తీసుకెళ్దాం. కొందరు తెలివైన పిల్లలకు కూడా అక్షరాలు కలిపి చదవడం పుట్టుకతోనే కష్టంగా ఉంటుంది. దానికి వేరే పద్ధతి ఉంది. అప్పుడు కూడా తరగతి వెనక్కి మార్చడం మందు కాదు.

ఇంకొకటి, వాడు పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదువుతున్నాడు. ఈ సెలవుల్లోనే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళు చూపించండి. దీన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

ట్యూషన్ పెట్టకండి. అక్కడ నాలుగో తరగతి పాఠాలు అప్పజెప్పిస్తారు, మళ్ళీ మొదటికొస్తుంది. మీ హోటల్ బస్ స్టేజీ దగ్గరే కదా. బస్సు ఆగినప్పుడల్లా బోర్డు చదివించండి. సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్, హుస్నాబాద్. అన్నిటిలోనూ ఒత్తులున్నాయి. "సిదిపేట" అంటే తిట్టకండి, మీరు ఒకసారి మెల్లగా చదివి మళ్ళీ వాడితో అనిపించండి. రోజుకు నాలుగు బోర్డులు చాలు. రాత్రి ఆ రోజు గల్లా లెక్క కాగితం మీద వాడితోనే రాయించండి. సుజాత గారూ, మీకు చదవడం రాకపోయినా పక్కన కూర్చుని వాడు చదివేది వినండి, "తర్వాత ఏమైంది రా" అని అడగండి.

23వ తేదీన ప్రోగ్రెస్ కార్డులు ఇస్తున్నాం. ఇద్దరూ రండి. ఇంకా అనుమానాలుంటే పన్నెండున్నర తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం. మీరు ఒప్పుకుంటే ఒక్క పని చేయండి. నాలుగుకు వెళ్తున్నావన్న సంగతి వాడికి నేను కాదు, మీరే చెప్పండి. శనివారం ఆ మాట విన్నప్పటి నుంచి వాడు నన్ను ఏమీ అడగలేదు. ఇవాళ మాత్రం బడి విడిచాక చీపురు పుల్లల కట్టలు సర్దుతూ, "ఇవి నాలుగో క్లాసులో కూడా ఉంటయా మేడం?" అని అడిగాడు.

మీ
రమాదేవి
మూడో తరగతి టీచర్