నైట్ డ్యూటీలో డాక్టర్ గారికి ఫోన్: చెప్పాల్సిన వరుస

మగవాళ్ల మెడికల్ వార్డు, శ్రీకాకుళం. నర్సుల టేబుల్ మీద ఫోన్ పక్కనే ఉండాలి. ఇందులోని పేషెంటు, అంకెలు, సంభాషణ అన్నీ నేర్పడానికి అల్లినవి.

ఫోన్ చేసే ముందు

పేషెంటు దగ్గర ఒకరు ఉండాలి. ఆయాసపడుతుంటే తల వైపు బెడ్డు ఎత్తి, ఆక్సిజన్ పెట్టి, అప్పుడు ఫోన్ దగ్గరికి రండి. ఊపిరి ఆగినా, నాడి దొరక్కపోయినా ఈ కాగితంతో పనిలేదు. కోడ్ బ్లూ పిలిచి సీపీఆర్ మొదలెట్టడమే.

బీపీ, పల్సు, సాచురేషన్, జ్వరం, షుగరు ఇప్పుడు మీరు స్వయంగా చూసినవే చెప్పాలి. రాత్రి 8 గంటల అంకెలు కూడా పక్కనే రాసుకోండి. 84/50 అంటే డాక్టర్ వింటారు. 118/76 నుంచి 84/50కి పడిందంటే మంచం దిగుతారు. ఊపిరి మాత్రం గడియారం పట్టుకుని నిండా నిమిషం లెక్కపెట్టండి. చూడకుండా 20 అని రాసేయడం మన వార్డుల్లో పాతుకుపోయిన అలవాటు. మనిషి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు ముందు మారేది ఆ అంకే.

కేసు షీటు, మందుల చార్టు, చివరి రిపోర్టులు చేతిలో ఉంచుకోండి. యూరిన్ బ్యాగులో ఎంత ఉందో చూసి రండి. ఏదో ఒక రిపోర్టు దొరకలేదని మాత్రం ఫోన్ ఆపొద్దు.

వరుస

ముందు ఇప్పుడేం జరుగుతోందో, తర్వాత వెనక కథ, ఆపైన మీకేమనిపిస్తోందో, చివర మీకేం కావాలో. దీన్నే ఎస్‌బార్ అంటారు. అమెరికా నేవీ జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన పద్ధతి. మనకి కథ మొదటినుంచీ చెప్పడం అలవాటు: "సార్, ఆ కవిటి నుంచి మొన్న వచ్చినాయన ఉన్నాడు కదండీ..." నిద్రలోంచి లేచిన మనిషికి అందులో ప్రమాదం ఎక్కడుందో తెలియదు. "సారీ సార్, డిస్టర్బ్ చేస్తున్నా" కూడా వద్దు. మీరు చేస్తున్నది డ్యూటీ.

2:20కి చేసిన ఫోన్

"సార్, మేల్ మెడికల్ నుంచి స్టాఫ్ నర్స్ లక్ష్మిని. 14వ బెడ్డు అప్పలస్వామి, 54 ఏళ్లు. బీపీ 84/50కి పడిపోయింది, మనిషి మత్తుగా ఉన్నాడు. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్."

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. డాక్టర్ "ఆఁ, చెప్పమ్మా" అన్నాక ముందుకెళ్లండి.

"కుడివైపు నిమోనియాతో 2 రోజుల కిందట అడ్మిట్ అయ్యాడు. ఉద్దానం మనిషి, పాత కిడ్నీ జబ్బు ఉంది. నిన్నటి క్రియాటినిన్ 3.8, పొటాషియం 5.4. డయాలసిస్ ఇంకా మొదలెట్టలేదు. సెఫ్‌ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ నడుస్తున్నాయి. మందుల ఎలర్జీ లేదు. బరువు 56 కిలోలు. కీళ్లనొప్పులకి మెడికల్ షాపు మాత్రలు వాడేవాడని ఇంటావిడ ఇవాళే చెప్పింది.

"8 గంటలకి బీపీ 118/76, పల్సు 98, ఊపిరి 20, గాలి మీదే సాచురేషన్ 96. ఇప్పుడు పల్సు 124, ఊపిరి 28. గాలి మీద సాచురేషన్ 88 ఉంటే మాస్కుతో 5 లీటర్లు పెట్టాను, 93కి వచ్చింది. జ్వరం 102.4. షుగర్ 142. 6 గంటల్లో యూరిన్ 40 ఎంఎల్లే. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు గానీ ఏ ఊర్లో ఉన్నాడో చెప్పలేకపోతున్నాడు. 'ఏటేటో మాటాడతన్నాడమ్మా, మడిసి మడిసిలా నేడు' అంటోంది ఇంటావిడ. న్యూస్ స్కోరు 8 గంటలకి 1, ఇప్పుడు 17.

"ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి సెప్సిస్‌లోకి వెళ్తున్నాడని అనుమానంగా ఉంది సార్.

"మీరు ఇప్పుడే రావాలి. వచ్చేలోపు బ్లడ్ కల్చర్‌కీ లాక్టేట్‌కీ తీయమంటారా? కిడ్నీ పేషెంటు కదా, సెలైన్ ఎంత, ఎంతసేపట్లో ఇవ్వమంటారు? యాంటీబయాటిక్ మారుస్తారా? ఐసీయూలో బెడ్డు అడిగి ఉంచనా?"

మొత్తం చెప్పడానికి 2 నిమిషాలు చాలు. ఇంట్లోవాళ్ల మాటని వాళ్ల మాటల్లోనే చెప్పడం గమనించండి. రోజూ చూసే మనిషి "ఇలా ఉండడు" అందంటే దానికి మానిటర్ అంకెకున్నంత బరువుంది. "అనుమానంగా ఉంది" అనడానికీ జంకొద్దు. జబ్బు పేరు తేల్చడం డాక్టర్ పని. మీకు కనిపించింది చెప్పడం మీ పని. పేరు తోచకపోతే "ఏమిటో తెలియట్లేదు సార్, కానీ గంటగంటకీ దిగజారుతున్నాడు" అన్నా సరిపోతుంది.

తిరిగి చదివి వినిపించడం

డాక్టర్: "కల్చర్ తీసేయ్, లాక్టేట్ పంపు. ఎన్‌ఎస్ 500 ఎంఎల్, 15 నిమిషాల్లో. తర్వాత పిప్టాజ్ 4.5 గ్రాములు, మొదటి డోసు తగ్గించొద్దు. ఈసీజీ తీయి. వస్తున్నా."

నర్సు: "తిరిగి చదువుతున్నా సార్. ముందు బ్లడ్ కల్చర్, లాక్టేట్. నార్మల్ సెలైన్ ఐదు వందల ఎంఎల్, ఒకటి-ఐదు, ఫిఫ్టీన్ నిమిషాల్లో. కల్చర్ తీశాక పిప్టాజ్ నాలుగున్నర గ్రాములు, ఫుల్ డోసు. ఈసీజీ. సెలైన్ అయ్యేలోపు ఆయాసం పెరిగినా, సాచురేషన్ పడినా ఆపేసి మీకు చెప్తాను. ఎన్ని నిమిషాల్లో వస్తారు సార్?"

ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. అందుకే అంకె అంకె విడదీసి చెప్పాలి. మందు పేరు సరిగ్గా వినపడకపోతే మళ్లీ అడగండి, విసుక్కున్నా ఫరవాలేదు. టైము అడగకుండా ఫోన్ పెట్టొద్దు. "వస్తున్నా" అంటే ఒకరికి 10 నిమిషాలు, ఇంకొకరికి గంట.

"పొద్దున రౌండ్స్‌లో చూద్దాం" అంటే

"సార్, నాకు భయంగా ఉంది. ఇది తెల్లారేదాకా ఆగే కేసు కాదు. బీపీ 84, యూరిన్ లేదు, తెలివి తగ్గుతోంది. మీరు రాలేకపోతే ఐసీయూ డ్యూటీ డాక్టర్‌ని పిలుస్తాను, మీకు చెప్పే పిలుస్తున్నాను."

గొంతు పెంచొద్దు, తగ్గించొద్దు. ఫోన్ ఎత్తకపోతే వెంటనే రెండోసారి. 5 నిమిషాల్లో జవాబు లేకపోతే ఐసీయూ డ్యూటీ డాక్టర్, ఆపైన యూనిట్ చీఫ్, నైట్ సూపర్‌వైజర్. చీఫ్‌ని లేపితే ఏమంటారోనన్న మొహమాటం ఈ వార్డులో వద్దు. అనాల్సిందేమైనా ఉంటే నన్ననమనండి, ఈ కాగితం రాసింది నేను.

నర్సెస్ నోట్స్‌లో రాసింది

2:15: 14వ బెడ్డు, మత్తు, ఆయాసం. బీపీ 84/50, పల్సు 124, ఊపిరి 28, సాచురేషన్ గాలి మీద 88, ఆక్సిజన్ 5 లీటర్లతో 93. 2:20: డ్యూటీ డాక్టర్‌కి ఫోన్, మొదటిసారికే ఎత్తారు. ఆర్డర్లు తిరిగి చదివి వినిపించాను, సరేనన్నారు. 2:26: కల్చర్, లాక్టేట్ తీసి పంపాం. 2:28: సెలైన్ మొదలు. 2:34: పిప్టాజ్ మొదటి డోసు. 2:38: డాక్టర్ వచ్చారు, ఫోన్ ఆర్డర్ల కింద సంతకం చేశారు. 2:45: సెలైన్ 500 పూర్తి, బీపీ 92/56, ఆయాసం పెరగలేదు. ఈసీజీ చూశారు. 3:20: ఆక్సిజన్‌తో ఐసీయూకి మార్చాం. అక్కడి సిస్టర్‌కి ఇదే వరుసలో అప్పజెప్పాను. ఇంటావిడకి డాక్టరే చెప్పారు.