గ్యాస్ గీజర్: వేడినీళ్లు తిప్పేముందు చదవండి

పోర్షన్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం రాసిన కార్డు ఇది. గీజర్‌తో వచ్చిన మాన్యువల్ 40 పేజీలు, వంటింటి అరలో ఉంది. బిగించే కొలతలు, వారంటీ, విడిభాగాల పేర్లు ఇక్కడ వదిలేశాను. ప్రమాదమని అందులో రాసింది మాత్రం ఒక్కటీ తీసేయలేదు, అందుకే కార్డు పొడుగ్గానే ఉంటుంది.

ప్రాణాపాయం: విషవాయువు
గాలి సరిగ్గా ఆడనిచోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసనా లేదు, మనిషి కిందపడేదాకా తెలియకపోవచ్చు. స్నానం చేస్తుండగా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వేడికి అలా ఉందిలే అనుకోకుండా కుళాయి కట్టేసి వెంటనే బయటికి వచ్చేయండి. గీజర్ బాల్కనీలోనే ఉండాలి, బాత్రూంలోకి మార్చొద్దు. చలిగాలి వస్తోందని బాల్కనీకి పట్టా కట్టడం, వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టడం, పొగగొట్టం మూయడం, ఇవేవీ చేయొద్దు. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారినా, పైన మసి కనిపించినా వాడకం ఆపి నాకు చెప్పండి.

లోపలున్నవాళ్లు పిలిస్తే పలకకపోతే ఆలోచించకండి. బాల్కనీలో సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయండి, కిటికీలు తెరవండి, తలుపు పగలగొట్టైనా బయటి గాలికి లాక్కురండి, 108కి ఫోన్ చేయండి. తలుపు ఖర్చు నాది.

ప్రమాదం: గ్యాస్ లీక్, మంటలు
వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే లైటు, ఫ్యాను, ఎగ్జాస్టు స్విచ్చులు వేయొద్దు, వేసి ఉన్నవి ఆపొద్దు కూడా, ఎందుకంటే రెండిటికీ నిప్పురవ్వ వస్తుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, అందరూ బయటికి వెళ్లాక 1906కి ఫోన్ చేయండి. లీకు వెతకడానికి అగ్గిపుల్ల ఎప్పుడూ వెలిగించొద్దు, సబ్బునీళ్లే వాడాలి. సిలిండర్ నిలువుగానే ఉండాలి. గీజర్ దగ్గర పెట్రోలు, థిన్నర్ పెట్టొద్దు, దాని మీద బట్టలు ఆరేయొద్దు.

ప్రమాదం: కాలిన గాయాలు
నీళ్లు తిప్పిన కాసేపటికే చర్మం ఊడేంత వేడిగా రావచ్చు. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పట్టుకోండి, ఒంటిమీద పోసుకునేముందు చేయి పెట్టి చూడండి. పిల్లల్ని, పెద్దవాళ్లని కుళాయి దగ్గర ఒంటరిగా వదలొద్దు. గీజర్ ఆపాక కూడా పొగగొట్టం ముట్టుకుంటే కాలుతుంది.

హెచ్చరిక
మూత విప్పడం, సెన్సర్ వైరు తీసి కలిపేయడం, మామూలు రబ్బరు పైపు తగిలించడం నిషిద్ధం. రిపేరు మెకానిక్‌తోనే, నాకు చెప్పండి, పిలిపిస్తాను. సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు కారుతుంటే దాన్ని మూయొద్దు. స్నానం అయ్యాక కుళాయితో సరిపెట్టకుండా రెగ్యులేటర్ కూడా కట్టేయండి. ఊరెళ్తుంటే గీజర్‌లోని సెల్స్ తీసేయండి.