జులై–సెప్టెంబరు 2025 మార్కెటింగ్ నివేదిక: సవరించిన కథనం

డైరెక్టర్లకు,

ఈ మూడు నెలల్లో మన అమ్మకాలు తగ్గాయి. నిరుడు ఇదే కాలంలో 2.07 కోట్ల రూపాయల పచ్చళ్లు, నెయ్యి, మిఠాయిలు అమ్మాం. ఈసారి 1.84 కోట్లే. మొదటి ప్రతిలో ఈ మాట తొమ్మిదో చార్టు దాకా రాలేదు. మొదటి చార్టు వెబ్‌సైటు చూసినవారు 31 శాతం పెరిగారని చూపింది. అది నిజమే, కానీ వచ్చినవారు కొనలేదు. అందుకే చార్టులన్నీ అనుబంధానికి పంపాం.

తగ్గిన 23 లక్షల లెక్క ఇది: అమెరికా ఆర్డర్లు 19 లక్షలు, దేశంలోని ఆన్‌లైన్ ఆర్డర్లు 9 లక్షలు తగ్గాయి. దుకాణాల్లో 5 లక్షలు పెరిగాయి.

అమెరికా సంగతి ప్రకటనల లోపం కాదు. 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం ఆగస్టు 29న ఎత్తివేసింది. అంతకు ముందే, 25 నుంచి, మన తపాలా శాఖ అక్కడికి పార్సెళ్లు తీసుకోవడం ఆపింది. ప్రైవేటు కొరియర్‌లో పంపితే కిలో ఆవకాయ ధర కంటే రవాణా, సుంకం ఖర్చే ఎక్కువ. కొనేవారు చిరునామా పెట్టి, మొత్తం చూసి, వెనుదిరిగారు.

దేశంలో తగ్గుదలకు కారణం జీఎస్టీ అనుకుంటున్నాం. పచ్చళ్లు, నెయ్యిపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గుతుందని సెప్టెంబరు 3న ప్రకటించారు, 22న అమల్లోకి వచ్చింది. మధ్యలో ఆర్డర్లు పడిపోయాయి. "కొత్త ధర ఎప్పటి నుంచి?" అని అడిగిన ఫోన్లు కస్టమర్ కేర్ రిజిస్టరులో వరసగా ఉన్నాయి. 22 తర్వాత ఆర్డర్లు కోలుకున్నాయి. ఇది మా అంచనా మాత్రమే, అక్టోబరు లెక్కలు వస్తే తేలుతుంది.

దుకాణాల్లో పెరుగుదల దాదాపు ఒక్క వస్తువుదే. వరలక్ష్మీ వ్రతానికి తెచ్చిన తాంబూలం పెట్టెలో చిన్న గోంగూర సీసా, నాలుగు సున్నుండలు, పసుపు కుంకుమ పొట్లాలు పెట్టి 240 రూపాయలకు ఇచ్చాం. 1,900 పెట్టెలు అమ్ముడయ్యాయి, అంటే 4.56 లక్షలు. పేరంటానికి పదేసి కొన్నవారున్నారు. ఈ త్రైమాసికంలో మనం నేర్చుకోదగినది ఇదే, మొదటి ప్రతిలో దీనికి ఒక్క వాక్యమూ లేదు.

ఇక చేయబోయేవి. అమెరికా ప్రకటనలు ఆపేశాం. పార్సెళ్లు మళ్లీ మొదలయ్యేదాకా ఆ 3 లక్షలను బెంగళూరు, చెన్నైలలోని తెలుగువారికి దీపావళి, కార్తీక మాసం పెట్టెలు చూపడానికి వాడతాం. ఆన్‌లైన్ బృందం అధికారి బాధ్యత తీసుకుంటారు. నవంబరు 30కల్లా కనీసం 800 పెట్టెలు అమ్ముడుపోకపోతే ఆ ఖర్చు ఆపుతాం.

మీ నుంచి కావలసింది ఒక్కటే: పెట్టెల ప్యాకింగు కోసం 1.2 లక్షల ఖర్చుకు అక్టోబరు 10లోగా అనుమతి. దీపావళి 20న ఉంది, ముద్రణకే వారం పడుతుంది.

మార్కెటింగ్ విభాగం
అక్టోబరు 6, 2025